డిజైన్లన్నీ ఒకే మాదిరి వస్తున్నాయా? గ్రాఫిక్ డిజైనర్లకు పనికొచ్చే పుస్తకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప ఊర్లలో ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు, లేబుళ్లు, బ్రోచర్లు చేసే డిజైనర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. క్రియేటివిటీ మీద పుస్తకాలు బోలెడున్నాయి. ఇక్కడ మూడు నాలుగింటి గురించే చెప్పాం. అందులోనూ ఒకదాని మీద ఎక్కువసేపు నిలబడ్డాం, ఎందుకో చదివితే తెలుస్తుంది.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ముందు మీరు ఎక్కడ ఆగిపోతున్నారో చూసుకోండి. ఆగిపోవడం అందరికీ ఒకే రకంగా ఉండదు. పని నడుస్తూనే ఉంటుంది, డబ్బులూ వస్తుంటాయి, కానీ ఏది చేసినా పోయిన నెల చేసినట్టే ఉంటుంది. ఇది ఒక రకం. కోరల్‌డ్రా తెరిచి ఖాళీ పేజీ చూస్తే చెయ్యి కదలదు, ఏది మొదలుపెట్టినా బాగుండదేమోనన్న భయం. ఇది రెండో రకం. తల నిండా అప్పులు, ఇంటి గొడవలు, క్లయింట్ మీద కోపం ఉండి పని మీదికి మనసు పోకపోవడం మూడో రకం.

మొదటి రకానికి జేమ్స్ వెబ్ యంగ్ రాసిన ‘ఎ టెక్నిక్ ఫర్ ప్రొడ్యూసింగ్ ఐడియాస్’ చదవండి. రెండో రకానికి డేవిడ్ బేల్స్, టెడ్ ఓర్లాండ్ కలిసి రాసిన ‘ఆర్ట్ అండ్ ఫియర్’. మూడో రకానికి జూలియా కామెరాన్ ‘ది ఆర్టిస్ట్స్ వే’. మన ఊర్లలో వచ్చే కష్టం నూటికి ఎనభై పాళ్లు మొదటి రకమే అనిపిస్తుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా క్లయింట్లు వచ్చి “అన్నా, పోయినసారి మాదిరే చెయ్, పేరు మార్చు చాలు” అంటూ ఉంటే ఎవరికైనా అదే జరుగుతుంది. అందుకే యంగ్ పుస్తకాన్నే ఇక్కడ వివరంగా తీసుకున్నాం.

యంగ్ పుస్తకంలో అసలు ఏముంది?

యంగ్ అమెరికాలో జె. వాల్టర్ థాంప్సన్ అనే అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో పనిచేసిన మనిషి. పుస్తకం 1940 నాటిది. చాలా చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. బొమ్మలు లేవు. ఆయన చెప్పేది ఒకటే మాట: కొత్త ఐడియా అంటే పాత వస్తువుల కొత్త కలయిక, అంతకంటే ఏమీ కాదు. కలయిక దొరకాలంటే రెండు వస్తువుల మధ్య సంబంధం కనపడాలి. దాన్ని చూసే అలవాటును పెంచుకోవచ్చు అంటాడాయన.

పద్ధతి ఐదు మెట్లు. మెటీరియల్ పోగు చేయడం, దాన్ని తిప్పి తిప్పి చూడడం, పూర్తిగా వదిలేయడం, ఐడియా దానంతట అది రావడం, వచ్చినదాన్ని పదిమందికి చూపించి సరిచేసుకోవడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. అందరూ తప్పేది మొదటి మెట్టు దగ్గరే. అది మానేసి నేరుగా నాలుగో మెట్టు కోసం ఎదురుచూస్తారు.

మొదటి మెట్టులో పోగు చేసే మెటీరియల్ రెండు రకాలు. ఒకటి ఆ పనికి సంబంధించినది: ఆ సరుకు, దాన్ని కొనే మనుషులు. రెండోది ఆ పనికి సంబంధం లేని లోకజ్ఞానం: గుళ్లు, బొమ్మలు, వ్యవసాయం, ఏదైనా. మొదటిది ఒక్కో పనికి కొత్తగా పోగు చేయాలి, రెండోది జీవితమంతా పోగు చేస్తూ ఉండాలి. ఒకే మాదిరి డిజైన్లు వస్తున్నాయంటే ఈ రెండింట్లో ఒకటి అడుగంటిందని అర్థం.

పిన్‌టరెస్ట్‌లో వంద డిజైన్లు సేవ్ చేసుకుంటాను. అది మెటీరియల్ పోగు చేయడం కాదా?

కాదు. అక్కడ మీకు దొరికేది వేరే డిజైనర్ ఇచ్చిన జవాబు. అతనికి ఎదురైన ప్రశ్న మీకు తెలియదు. గానుగ నూనె లేబుల్ అని వెతికితే ఏం వస్తుందో మీకూ తెలుసు: పసుపు గ్రేడియంట్, గుప్పెడు శెనక్కాయలు, చిందుతున్న నూనె, వెనక చెక్క టెక్స్‌చర్, ఒక మూల ఎద్దు నీడ. వందా చూశాక మీ తలలో వాటి సగటు మిగులుతుంది. దాన్నే మీరు గీస్తారు. క్లయింట్ పక్క షాపులో కూడా అదే చూసి వచ్చి ఉంటాడు కాబట్టి ఓకే అంటాడు. ఇరుక్కుపోవడం మొదలయ్యేది అక్కడే.

రెఫరెన్సులు చూడొద్దని కాదు. రెండో మెట్టు అయిపోయాక చూడండి. అప్పుడు మీ చేతిలో ఒక ఆలోచన ఉంటుంది కాబట్టి, ఇది ఇప్పటికే ఎవరైనా చేశారా అని సరిచూసుకోవడానికి అవి పనికొస్తాయి.

ఒక నిజమైన పని మీద పెట్టి చూపించండి. గానుగ నూనె లేబుల్‌నే తీసుకుందాం.

సరే. అనంతపురంలో చెక్క గానుగ పెట్టిన ఒకాయన లీటరు బాటిల్‌కు లేబుల్ అడిగాడనుకుందాం. వారం టైం ఇచ్చాడు.

కార్డులు కావాలి. యంగ్ చెప్పింది మూడు అంగుళాలు బై ఐదు అంగుళాల ఇండెక్స్ కార్డులు. కొనక్కర్లేదు. మీరు పెళ్లి పత్రికలు వేయించే ప్రెస్‌లో కటింగ్ మిషన్ దగ్గర ఆర్ట్ బోర్డు ముక్కలు సంచుల్లో పడి ఉంటాయి. వంద ముక్కలు ఆ సైజుకు కోయించుకుంటే ఆర్నెల్లకు సరిపోతాయి. మ్యాట్ వైపు రాయండి, గ్లాసీ వైపు పెన్ను ఇంకు ఆరదు. ఒక కార్డుకు ఒక్క విషయమే. రెండు విషయాలు రాస్తే తర్వాత విడదీసి కలపడం కుదరదు. ఫోన్‌లో నోట్స్ రాసుకోవచ్చు కదా అంటారు. రాసుకోవచ్చు, కానీ రెండో మెట్టులో వాటిని టేబుల్ మీద పరిచి జరపలేరు.

ఇప్పుడు గానుగ దగ్గరికి ఒక పూట వెళ్లండి. లోగో గురించి, రంగుల గురించి అడగొద్దు. ఏ బుడ్డలు ఆడిస్తారు, ఎవరు కొంటారు, వాళ్లు ఏమని ఫిర్యాదు చేస్తారు, బాటిల్ తీసుకుని ముందు ఏం చూస్తారు అని అడగండి. ఫిర్యాదుల దగ్గరే ఎక్కువ సరుకు దొరుకుతుంది. ఇరవై ఐదు, ముప్పై కార్డులు నిండే వరకూ లేచి రావద్దు. మొదటి పది కార్డుల్లో అందరికీ తెలిసినవే ఉంటాయి: స్వచ్ఛం, సహజం, ఆరోగ్యం. అవి ఖర్చయిపోయాక అసలైనవి మొదలవుతాయి. ఇలాంటివి:

“ఆడించిన నూనెను వెంటనే నింపరు, తేరుకోనిస్తారు.”

“తేరుకున్నా బాటిల్ అడుగున సన్నని మడ్డి చేరుతుంది. రిఫైండ్ నూనెలో అది ఉండదు.”

“కొత్తగా కొనేవాళ్లు మడ్డి చూసి కల్తీ అనుకుని వాపసు తెస్తారు.”

“పాత గిరాకీలు బాటిల్ ఎత్తి వెలుతురుకు పెట్టి చూస్తారు.”

“మూత తీసి వాసన చూడనివ్వమంటారు. వేయించిన బుడ్డల వాసన రావాలి.”

“పిండి చెక్క బర్రెలకు వేసేదానికి తీసుకుపోతారు.”

ఇంకా ఊరి విషయాలు: జిల్లా అంతా శెనక్కాయ పంట, కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-6 లాంటి రకాలు రైతుల నోట్లో ఇంటి పేర్లలా ఆడుతాయి. ఇవీ కార్డులే.

ఆ కార్డులతో రెండో మెట్టులో ఏం చేయాలి?

టేబుల్ మీదో, చాప మీదో అన్నీ పరవండి. ఏదైనా రెండు తీసి పక్కపక్కన పెట్టి, వీటి మధ్య ఏం సంబంధం అని అడగండి. తోచినది పిచ్చిగా ఉన్నా ఇంకో కార్డు మీద రాసేయండి. గంటన్నర పడుతుంది. ఈ గంటన్నరలో రెండుసార్లు విసుగొస్తుంది. మొదటి విసుగు పది, పన్నెండు జతల తర్వాత వస్తుంది, అప్పుడు ఆగొద్దు. రెండోసారి తలంతా గజిబిజి అయిపోయి ఒక్కటీ అతకడం లేదనిపిస్తుంది. అప్పుడు ఆపండి. ఆ స్థితికి వచ్చేదాకా నమలాలనే యంగ్ కూడా అంటాడు.

మన ఉదాహరణలో “మడ్డి చూసి కల్తీ అనుకుంటారు”, “బాటిల్ ఎత్తి వెలుతురుకు చూస్తారు” అనే రెండు కార్డులు పక్కన పెడితే ఏమవుతుంది? ఇద్దరు గిరాకీలూ ఒకే చోట చూస్తున్నారు: బాటిల్ అడుగున. కొత్తవాడికి అక్కడ అనుమానం, పాతవాడికి అక్కడే నమ్మకం. ఇప్పటిదాకా అన్ని లేబుళ్లూ మాట్లాడింది బాటిల్ నడుము మీద. అడుగు గురించి ఒక్కటీ మాట్లాడలేదు. పిన్‌టరెస్ట్‌లో వెయ్యి లేబుళ్లు చూసినా ఇది తట్టదు, ఎందుకంటే ఇది బొమ్మలో లేదు, గానుగ ఆయన చెప్పిన ఫిర్యాదులో ఉంది.

వదిలేయడం అంటే ఎంతసేపు? క్లయింట్ ఊరుకుంటాడా?

ఒక రాత్రి చాలు. ముఖ్యమైనది ఏమిటంటే వదిలేసిన టైంలో వేరే డిజైన్ పని చేయకూడదు, రీల్స్ చూడకూడదు. కళ్లకు మళ్లీ బొమ్మలే ఎక్కిస్తే కార్డుల్లోని సంబంధాలు అడుగున పడిపోతాయి. పాటలు వినండి, సినిమాకు పొండి, మార్కెట్‌కు పోయి కూరగాయలు తెండి. యంగ్ కూడా సంగీతం, నాటకం, సినిమా, చదవడం వంటివే చెప్తాడు.

ఈ మెట్టుకు ఒక దొంగ రూపం ఉంది. రెండో మెట్టు చేయకుండానే “మెదడుకు రెస్ట్ ఇస్తున్నా” అని తిరగడం. నానబెట్టడానికి ముందు పప్పు ఉండాలి కదా. నమిలిన కార్డులు లేకుండా తిరిగితే అది షికారు, తప్పేమీ లేదు గానీ మూడో మెట్టు మాత్రం కాదు.

ఐడియా వచ్చింది. ఐదో మెట్టులో ఏం తేడా కొడుతుంది?

ఇక్కడే మంచి ఐడియాలు చచ్చిపోతాయి, లేదా మెరుగుపడతాయి. నూనె లేబుల్‌నే చూద్దాం.

మొదట వచ్చే ఆలోచన: లేబుల్‌ను బాటిల్ అడుగుదాకా దించి, మడ్డి ఉండే చోట ఒక పట్టీ వేసి “ఇది మడ్డి, కల్తీ కాదు” అని రాయడం. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంటుంది. గానుగ ఆయనకు చూపిస్తే ఒకే మాట అంటాడు: “మడ్డిని మూసేసినట్టుంది సార్, దాస్తాన్నామనుకుంటారు.” నిజమే. పట్టీ వేస్తే పాత గిరాకీకి చూడడానికి ఏమీ మిగలదు.

రెండో దెబ్బ బాటిల్ నుంచి వస్తుంది. పెట్ బాటిల్ అడుగు గుండ్రంగా లోపలికి తిరుగుతుంది, గాడులూ ఉంటాయి. అక్కడ స్టిక్కర్ అంటించితే ముడతలు పడి రెండు రోజుల్లో అంచు లేస్తుంది. లేబుల్ ఎప్పుడూ నిటారుగా ఉన్న భాగంలోనే ఉండాలి. దానికి కొలత కంప్యూటర్‌లో దొరకదు. ఒక కాగితం పట్టీ బాటిల్ చుట్టూ చుట్టి, వంపు మొదలయ్యే చోట పైనా కిందా పెన్సిల్ గీత పెట్టి, విప్పి స్కేలుతో కొలవండి. పైనా కిందా మూడేసి మిల్లీమీటర్లు వదిలేయండి.

ఇప్పుడు ఐడియా మారుతుంది. లేబుల్ అడుగుకు పోదు, మడ్డిని మూయదు. లేబుల్ కింది అంచు నుంచి కిందికి చూపే ఒక చిన్న బాణం, పక్కన ఒకే వాక్యం: “కింద మడ్డి కనపడితే సంతోషించండి, ఇది వడపోసి చంపిన నూనె కాదు.” లేబుల్ వెడల్పు తగ్గించి ముందువైపు నూనె కనపడేలా వదలాలి, వెలుతురుకు పెట్టి చూసేవాళ్ల కోసం. గ్రేడియంట్ అక్కర్లేదు, నూనె రంగే లేబుల్‌కు రంగు. ఎద్దు బొమ్మ పోయింది, ఎవరికీ గుర్తు రాదు.

వాక్యం మళ్లీ ఒకసారి చూసుకోవాలి. “చంపిన నూనె” అనడం పక్క కంపెనీని తిట్టినట్టవుతుంది. “చెక్క గానుగ నూనెలో మడ్డి చేరడం సహజం” అంటే చాలు. చురుకు తగ్గింది, నిజం పెరిగింది. వెనకవైపు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు నంబరు, ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, నికర పరిమాణం, ఎమ్మార్పీ, తయారీ వివరాలకు చోటు ముందే కేటాయించండి. చివర్లో ఇరికిస్తే మీరు వదిలిన ఖాళీ అంతా అవే తినేస్తాయి.

ఇంకొకటి. కాగితం స్టిక్కర్ మీద ఒక్క నూనె చుక్క పడినా మరక పారుతుంది. వంటింట్లో పడకుండా ఉండదు. పి.పి. ఫిల్మ్ స్టిక్కర్, పైన లామినేషన్ అడగండి. ధర పెరుగుతుందని క్లయింట్ అంటే రెండు ముక్కల మీద నూనె వేసి పక్కరోజు చూపించండి, మాట్లాడే పని ఉండదు.

సంబంధం లేని లోకజ్ఞానం అన్నారు. మన చుట్టుపక్కల ఎక్కడ దొరుకుతుంది?

యంగ్ చెప్పే రెండో రకం మెటీరియల్‌కు రాయలసీమలో కరువు లేదు.

లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు బొమ్మలు పదహారో శతాబ్దం విజయనగర కాలానివి. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి ఫొటో దిగి వచ్చేస్తారు. మీరు తల పైకెత్తి ఆ బొమ్మల్లోని బట్టల అంచులు చూడండి. రాతి మీద చెక్కిన లతలు కూడా చీరల డిజైన్లలోకి ఎక్కాయి. కెమెరా పక్కన పెట్టి పెన్సిల్‌తో మూడు అంచులు గీసుకోండి. ఫొటో తీస్తే మళ్లీ తెరవరు. గీస్తే, ఎర్ర నేల మీద నల్ల గీత ఎంత మందం ఉందో, రెండు పువ్వుల మధ్య ఎంత ఖాళీ వదిలారో చేతికి తెలుస్తుంది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. తోలును వెలుతురు దాటేంత పల్చగా చేసి, రంగులద్ది, నగలున్న చోట ఉలితో సన్నని రంధ్రాలు పొడుస్తారు. తెర వెనక దీపం పెడితే ఆ రంధ్రాలే బంగారంలా మెరుస్తాయి. పెళ్లి పత్రికకు గోల్డ్ ఫాయిల్ తప్ప ఇంకేం తోచని డిజైనర్‌కు ఇది ఒక కార్డు: “మెరుపు రంగుతోనే కాదు, రంధ్రంతో కూడా వస్తుంది.” డై కటింగ్‌తో చేయొచ్చు. కాకపోతే రెండు మిల్లీమీటర్ల కంటే చిన్న రంధ్రాలు మన ఊరి డైలలో శుభ్రంగా ఊడిరావు, ముక్కలు ఇరుక్కుంటాయి. లేజర్ కటింగ్ ఉన్న చోట ఇవ్వాలి, లేత రంగు కార్డు అయితే అంచులు కాలినట్టు గోధుమ రంగుకు వస్తాయి, ముందే శాంపిల్ చూసుకోండి.

అక్షరాల మీద పనిచేసేవాళ్లకు కడప జిల్లా పెద్ద బడి. కలమళ్ల శాసనం తెలుగులో దొరికిన తొలి శాసనమని చెప్తారు, ఆరో శతాబ్దం నాటి రేనాటి చోళులది. కడప ఊర్లో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయంలో పాత అచ్చు పుస్తకాలు చూడొచ్చు. సీసం అచ్చులో ఒత్తులు ఎంత దూరంలో కూర్చునేవో, తలకట్టు ఎంత లావుండేదో చూస్తే, ఇప్పుడు ప్రతి ఫ్లెక్సీ మీదా కనిపించే రెండు మూడు అను ఫాంట్లు మాత్రమే తెలుగు కాదని కళ్లకు తెలుస్తుంది. రామభద్ర, సూరన్న, పెద్దన, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. ఒక నెల అను ఫాంట్లు ముట్టుకోను అని పెట్టుకోవడం కూడా మంచి కట్టుబాటే.

గంటలో ఫ్లెక్సీ కావాలంటారు. అప్పుడు ఈ ఐదు మెట్లు ఎక్కడ కుదురుతాయి?

కుదరవు. పుట్టినరోజు ఫ్లెక్సీకి, చావు పోస్టర్‌కు ఐడియా అడగొద్దు, శుభ్రంగా చేసి ఇచ్చేయండి. నెలకు ఒక్క పని, మహా అయితే రెండు, ఈ పద్ధతిలో చేస్తే చాలు. అన్నింటికీ పెట్టాలని చూసేవాళ్లు రెండో వారంలో మానేస్తారు.

అయితే గంట పని రోజుల్లో కూడా పోగు చేయడం ఆగకూడదు. దానికి ట్వైలా థార్ప్ పద్ధతి బాగుంటుంది. ఆమె అమెరికన్ నాట్య దర్శకురాలు, 2003లో వచ్చిన ‘ది క్రియేటివ్ హ్యాబిట్’ ఆమె పుస్తకం. ప్రతి ప్రాజెక్టుకూ ఒక అట్టపెట్టె తీసి, మీద పేరు రాసి, ఆ పనికి సంబంధించి దొరికిన ప్రతిదీ అందులో వేస్తుంది. మీరు స్టిక్కర్ రోల్స్ వచ్చే డబ్బా ఒకటి పెట్టుకోండి. రాబోయే మంచి పని, ఉదాహరణకు ఉగాది క్యాలెండర్, దాని పేరు రాసి ఇప్పటినుంచే ముక్కలు వేస్తూ ఉండండి: బీడీ కట్ట మీది కాగితం, చీర ట్యాగు, బస్సు టికెట్టు. పని వచ్చిన రోజు పెట్టె ఖాళీగా ఉండదు. ఒక హెచ్చరిక: ‘ఐడియాలు’ అని పేరు పెట్టి ఒకే పెద్ద పెట్టె చేస్తే అది చెత్తబుట్ట అవుతుంది. పెట్టె మీద పని పేరు ఉండాల్సిందే. ఆ పుస్తకమంతా చదివే ఓపిక లేకపోతే పెట్టె గురించిన అధ్యాయం ఒక్కటి చదవండి.

ఖాళీ పేజీ చూస్తే భయం. కార్డులు కూడా రాయలేకపోతున్నాను.

అది రెండో రకం. 1993లో వచ్చిన ‘ఆర్ట్ అండ్ ఫియర్’లో ఒక కథ ఉంది. కుండలు నేర్పే పంతులు క్లాసును రెండుగా విడదీస్తాడు. ఒక సగానికి చేసిన కుండల బరువును బట్టి మార్కులు, యాభై పౌండ్లు తెస్తే ‘ఎ’ గ్రేడు. ఇంకో సగానికి ఒక్క కుండ చాలు, కానీ అది లోపం లేకుండా ఉండాలి. చివరికి మంచి కుండలన్నీ బరువు బ్యాచ్ నుంచే వస్తాయి.

దీన్ని డిజైన్‌లోకి తేవాలంటే కంప్యూటర్ ఆపేయాలి. ఏ4 కాగితం మీద అగ్గిపెట్టె అంత గడులు ఇరవై నాలుగు గీయండి. నలభై నిమిషాలు పెట్టుకోండి. లావు మార్కర్ లేదా స్కెచ్ పెన్నుతో గీయాలి. సన్నని పెన్సిల్ ఇస్తే చెయ్యి వివరాల్లోకి పోతుంది. గడిలో హెడింగ్ ఎక్కడ, బొమ్మ ఎక్కడ, ఖాళీ ఎక్కడ, అంతే. మొదటి ఎనిమిది మీ పాత డిజైన్లే, వాటిని ఆపొద్దు, రానివ్వండి. తొమ్మిది నుంచి పదహారు వరకు చెత్త. పదిహేడు దాటాక తల ఆగి చెయ్యి ఆడుతుంది, వెతికేది అక్కడ దొరుకుతుంది. పన్నెండు దగ్గర “ఇది బాగుంది” అనుకుని కంప్యూటర్ ముందుకు పరిగెత్తడం ఇందులో మామూలుగా జరిగే పొరపాటు.

‘ది ఆర్టిస్ట్స్ వే’ గురించి చాలామంది చెప్తారు. పొద్దున్నే మూడు పేజీలు రాస్తే డిజైన్ బాగుపడుతుందా?

నేరుగా బాగుపడదు. 1992లో వచ్చిన ఈ పుస్తకం పన్నెండు వారాల కోర్సు. లేవగానే మూడు పేజీలు చేత్తో రాయాలి, తోచినదంతా. అది బుర్రలోని మడ్డిని తేర్చడానికి, డిజైన్ ఐడియాల కోసం కాదు. “కరెంటు బిల్లు కట్టాలి, ఆ ఎమ్మెల్యే మనిషి ఇంకా డబ్బులివ్వలేదు” అని రాసినా సరే. అవి కాగితం మీదికి పోతే పదింటికి సిస్టం ముందు కూర్చున్నప్పుడు వెంట రావు.

రెండు చోట్ల జారతారు. ఒకటి, అది చేయాల్సిన పనుల లిస్టుగా మారిపోవడం. రెండు, రాసినది రోజూ తిరిగి చదువుకోవడం. మొదటి ఎనిమిది వారాలు చదవొద్దనే కామెరాన్ చెప్తుంది, తర్వాత కూడా పెద్ద తొందరేం లేదు. చిన్న డైరీలో మూడు పేజీలు రాస్తే లెక్కలోకి రాదు, ఏ4 సైజు ఉండాలి. ముప్పావు గంట దాకా పడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది కుదిరే పని కాదు, ఒక పేజీతో సరిపెట్టుకోండి.

పుస్తకం నిండా దేవుడు, ఆధ్యాత్మికం మాటలు ఎక్కువ. నచ్చితే చదవండి, లేకపోతే ఆ భాగాలు దాటేసి పనులు మాత్రం చేయండి.

ఇంగ్లీషు అంత రాదు. పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి, ఎప్పుడు చదవాలి?

యంగ్ పుస్తకం ఇంగ్లీషు సులువు, చిన్న వాక్యాలు. ఫోన్‌లో చదివినా నష్టం లేదు, బొమ్మలు లేవు కాబట్టి. కామెరాన్, థార్ప్ కూడా అంతే. డిజైన్ బొమ్మలున్న పుస్తకాలు మాత్రం ఒరిజినల్ కాపీ కొనండి. ఫుట్‌పాత్ మీద దొరికే దొంగ ప్రింట్లలో బొమ్మలు మసకబారి, రంగులు తేలిపోయి ఉంటాయి. చుక్కలు పెద్దగా కనపడితే, స్పైన్ దగ్గర జిగురు పొర పైకి తేలి ఉంటే వదిలేయండి. హైదరాబాదు పోయినప్పుడు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఒరిజినల్స్ వెతకొచ్చు, ఓపిక ఉండాలి.

చదవడానికి టైం అంటే, మూఢం వచ్చినప్పుడు, ఆషాఢంలో పెళ్లి పత్రికల పని ఎలాగూ పడిపోతుంది. ఆ వారాల్లో షాపులో ఈగలు తోలుకునే బదులు యంగ్ చదివి, చేతిలో ఉన్న ఒక్క పనికి కార్డులు రాయండి. ఒకేసారి నాలుగు పుస్తకాలు తెప్పించుకోవద్దు. చదవడమే పనిలా అనిపించి, అసలు పని వాయిదా పడుతుంది.

ఇవన్నీ చేసినా కదలిక లేకపోతే?

రెండు నెలల్లో మూడు పనులు కార్డులతో చేసి కూడా ఒక్కటీ మారలేదంటే, ముందు కార్డులే తీసి చూడండి. “స్వచ్ఛం, నాణ్యత, నమ్మకం” లాంటివే ఎక్కువగా ఉంటే మీరు క్లయింట్ బ్రోచర్‌ను తిరిగి రాశారన్నమాట, మళ్లీ వెళ్లి ఫిర్యాదులు అడగండి. కార్డులు బాగుండి, ఐడియాలూ వస్తూ, ప్రతిసారీ క్లయింటే కొట్టేస్తుంటే అది పుస్తకాలతో తీరే సమస్య కాదు. రేటు, టైం, మీరు ఎవరితో మాట్లాడుతున్నారనేది చూసుకోవాలి. డిజైన్ తీసుకోవడానికి వచ్చిన కుర్రాడికి కాకుండా, డబ్బు ఇచ్చే ఓనరుకు మీరే చూపించండి.

నిద్ర సరిగా లేక, ఇష్టమైన పనులు కూడా ఇష్టం లేకుండా పోయి వారాలు గడుస్తుంటే అది డిజైన్ సంగతి కాదు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది, అక్కడికి వెళ్లండి. కార్డులు ఆ తర్వాత రాయొచ్చు.